కోడ్ లెక్క, లింక్ లెక్క ఎందుకు కలవవు? ఒక గద్వాల చీరల షాపు షీట్‌తో జవాబు

ప్రశ్న: నమస్తే అన్నా. మాది నారాయణపేట. చేనేత చీరలు వెబ్‌సైట్‌లో, వాట్సాప్‌లో అమ్ముతాం. ముగ్గురు ఇన్‌ఫ్లుయెన్సర్లకు ఒక్కో తగ్గింపు కోడ్, ఒక్కో లింక్ ఇచ్చాం. కోడ్ రిపోర్ట్‌లో 46 ఆర్డర్లు కనిపిస్తున్నాయి, లింక్ రిపోర్ట్‌లో 12 మాత్రమే. ఒకావిడ పంపిన స్క్రీన్‌షాట్‌లో 900 క్లిక్కులున్నాయి. దేన్ని నమ్మి డబ్బులివ్వాలి? మళ్లీ ఎవరితో చేయించాలి?

జవాబు:

నేను మహబూబ్‌నగర్‌లో ఉంటాను. చిన్న షాపులకు ఇలాంటి రిపోర్టులు చూసిపెట్టడమే నా పని. మీలాంటి షీట్లు చాలా చూశాను, రెండు లెక్కలు కలిసిన షీట్ మాత్రం ఇప్పటిదాకా చూడలేదు. ఎందుకంటే అవి రెండూ ఒకే విషయాన్ని లెక్కపెట్టవు. బిల్లు కట్టే ముందు ఎవరు కోడ్ టైప్ చేశారో కోడ్ రిపోర్ట్ చెబుతుంది. లింక్ నొక్కినవాళ్లలో అదే ఫోన్‌లో, అదే బ్రౌజర్‌లో చివరిదాకా ఉండి కొన్నవాళ్లెవరో లింక్ రిపోర్ట్ చెబుతుంది. మీరు తెలుసుకోవాలనుకుంటున్నది ఆ వీడియో లేకపోతే ఈ చీర అమ్ముడుపోయేదా అని. దానికి ఈ రెండింటిలో దేని దగ్గరా జవాబు లేదు.

దీన్ని మాటలతో చెబితే ఎంతకీ తెగదు కాబట్టి ఒక షాపు లెక్క మొత్తం విప్పి చూపిస్తాను. 2025 శ్రావణానికి గద్వాలలో ఒక చీరల షాపు వాళ్లు ఇద్దరితో వీడియోలు చేయించారు. ఒకటి హైదరాబాద్‌లో పెద్ద ఇన్‌స్టాగ్రామ్ పేజీ. ఫీజు 40,000, దానిపైన కోడ్‌తో వచ్చిన అమ్మకంలో 5 శాతం కమీషన్. ఆ పేజీకి ఇచ్చిన కోడ్ GADWAL10. రెండోది మన పాలమూరు యాసలో మాట్లాడే ఒక అక్క యూట్యూబ్ ఛానెల్. ఫీజు 12,000, కమీషన్ లేదు. ఆ అక్క కోడ్ PALAMOOR10. రెండు కోడ్లకూ 10 శాతం తగ్గింపు. సగటు చీర ధర 4,000 అనుకోండి.

28 రోజుల్లో సైట్, వాట్సాప్ కలిపి 212 ఆర్డర్లు వచ్చాయి. ఇన్‌స్టా పేజీకి కోడ్‌తో 58, లింక్‌తో 9 ఆర్డర్లు. యూట్యూబ్ అక్కకు కోడ్‌తో 19, లింక్‌తో 14. కోడ్ లెక్కే పట్టుకుంటే పేజీకి ఆర్డర్‌కు 690 రూపాయలు, అక్కకు 632 ఖర్చయింది. దాదాపు సమానం, పైగా పేజీ మూడింతలు ఎక్కువ ఆర్డర్లు తెచ్చినట్టు కనిపిస్తోంది. షాపాయన దసరాకు పేజీతో ఇంకో రెండు రీల్స్ మాట్లాడుకోవడానికి సిద్ధమైపోయాడు. ఒక్క వారం ఆగమని నేనే ఆపాను.

నేను మొదట చూసింది తేదీలు. పేజీ రీల్ పెట్టింది ఒక శుక్రవారం సాయంత్రం. GADWAL10 కోడ్‌తో మొదటి ఆర్డర్ వచ్చింది అంతకు రెండు రోజుల ముందు, బుధవారం రాత్రి. వీడియో రాకముందే కోడ్ ఎవరికి తెలిసింది? ఆ ఆర్డర్ పెట్టినావిడ వాట్సాప్ చాట్ తీసి చూశాం. ఆవిడ ఫొటోలు అడిగింది, ధర అడిగింది, "కొంచెం తగ్గించండి అన్నా" అంది. షాపులో వాట్సాప్ చూసే పిల్లవాడు "సైట్‌లో GADWAL10 కొట్టండి మేడం, పది శాతం పోతుంది" అని రాశాడు. వాడి తప్పేమీ లేదు. బేరం ఆడేవాళ్లను పోనివ్వకూడదని చెప్పింది షాపాయనే. కానీ ఆ ఆర్డర్ పేజీ ఖాతాలో పడింది, దాని మీద కమీషన్ కూడా లెక్కకట్టారు.

అక్కడి నుంచి 58 ఆర్డర్లనూ ఒక్కొక్కటిగా విప్పాం. ముందు ఫోన్ నంబర్లు. షాపు దగ్గర అంతకుముందు కొన్నవాళ్ల నంబర్లున్నాయి. రెండు జాబితాలు ఒకే ఫైల్‌లో పెట్టి, పాత నంబర్లున్న షీట్‌కు Old అని పేరు పెట్టి, పక్క కాలమ్‌లో ఇది వేశాం:

```
=COUNTIF(Old!A:A,RIGHT(SUBSTITUTE(B2," ",""),10))
```

నంబర్ల ముందు ఒకచోట +91 ఉంటుంది, ఒకచోట సున్నా ఉంటుంది, మధ్యలో ఖాళీలుంటాయి. అందుకే ఖాళీలు తీసేసి చివరి పది అంకెలే పోల్చాలి. పాత జాబితాలో కూడా పది అంకెలే ఉండేలా ముందే సరిచేసుకోండి. లేకపోతే పాత కస్టమర్లందరూ కొత్తవాళ్లలా కనిపిస్తారు, సంతోషపడి మోసపోతాం. ఈ నంబర్ల షీట్ షాపు దాటి బయటికి పోకూడదు. ఇన్‌ఫ్లుయెన్సర్ అడిగినా మొత్తాలు చెప్పండి, నంబర్లు పంపకండి.

58లో 26 మంది పాత కస్టమర్లని తేలింది. GADWAL10 అనే కోడ్ ఎలాంటిదో ఇక్కడ చూడాలి. గద్వాల చీరలమ్మే షాపులో కోడ్ పెట్టే గడి కనిపిస్తే ఎవరైనా మొదట కొట్టి చూసేది అదే. వీడియో చూడక్కర్లేదు. బిల్లు పేజీలో కోడ్ గడి కనబడగానే ఇంకో ట్యాబ్ తెరిచి షాపు పేరు, పక్కన కూపన్ అని వెతికేవాళ్లుంటారు. కూపన్ సైట్లు ఆ కోడ్ ఎక్కడో పట్టుకుని తమ పేజీలో పెట్టుకుంటాయి. కొన్ని బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్లయితే కోడ్‌ను వాటంతటవే కొడతాయి. వీళ్లందరూ కొనడానికి నిర్ణయించుకుని బుట్టలో చీర పెట్టుకున్నాకే కోడ్ దగ్గరికి వచ్చారు. ఆ 26 మందికి ఇచ్చిన తగ్గింపు 10,400 రూపాయలు. ఆ అమ్మకాల్లో ఎక్కువ భాగం తగ్గింపు లేకుండా కూడా జరిగేవని నా అభిప్రాయం.

అయితే పాత కస్టమర్ అనగానే సున్నా వేయడం కూడా సరికాదు. ఆ 26 మందిలో ఏడుగురు ఏడాదికి పైగా ఏమీ కొనలేదు. రీల్ చూసి మళ్లీ గుర్తొచ్చి ఉండొచ్చు. వాళ్లను వేరే కాలమ్‌లో పెట్టాను, కొత్తవాళ్లలో మాత్రం కలపలేదు. మూడు నెలలకోసారి కొనేవాళ్లను ఒక లెక్కలో, ఏడాది తర్వాత వచ్చినవాళ్లను ఇంకో లెక్కలో చూడాలి.

మిగిలిన 32 మంది కొత్తవాళ్లు. వాళ్లలో 11 మందికి కోడ్ చెప్పింది వాట్సాప్ పిల్లవాడే అని చాట్లలో దొరికింది. ఇక 21. వాటిలో 6 క్యాష్ ఆన్ డెలివరీ పార్సెళ్లు తీసుకోకుండా వెనక్కి వచ్చాయి. చేతికి అందినవి 15. ఇది ఊరికే పైపైన పోయే విషయం కాదు. కోడ్ రిపోర్ట్ ఆర్డర్ పెట్టిన రోజు లెక్క చూపిస్తుంది, పార్సెల్ తిరిగొచ్చేసరికి రెండు వారాలు గడుస్తాయి. ఈలోపు కమీషన్ ఇచ్చేస్తే తిరిగి అడగడం ఎంత ఇబ్బందో మీకు తెలుసు. ఈ షాపు పాత కస్టమర్లు 26, పిల్లవాడు చెప్పిన 11, మొత్తం 37 ఆర్డర్ల మీద ఒక్కోదానికి 180 చొప్పున 6,660 రూపాయల కమీషన్ బాకీ రాసుకుంది. ఇంకా చెల్లించలేదు కాబట్టి కూర్చుని మాట్లాడుకోగలిగారు.

కోడ్ ఇలా లేనివాళ్లను కలుపుకుంటే, లింక్ ఉన్నవాళ్లను వదిలేస్తుంది. మీ 900 క్లిక్కులు, 12 ఆర్డర్ల మధ్య ఏం జరిగిందో ఇప్పుడు చూద్దాం.

ఇన్‌స్టాగ్రామ్‌లో లింక్ నొక్కితే పేజీ క్రోమ్‌లో తెరుచుకోదు, ఇన్‌స్టా లోపలి బ్రౌజర్‌లో తెరుచుకుంటుంది. మనిషిని గుర్తుపట్టడానికి సైట్ అక్కడ పెట్టే కుకీలు క్రోమ్‌కు తెలియవు. ఆమె చీర చూసింది, "సాయంత్రం చూద్దాం" అనుకుంది, రాత్రి క్రోమ్ తెరిచి షాపు పేరు గూగుల్‌లో కొట్టి కొన్నది. రిపోర్ట్‌లో ఆ ఆర్డర్ గూగుల్ సెర్చ్ ఖాతాలో పడుతుంది. ఐఫోన్ అయితే ఇంకో చిక్కు. సఫారీలో పేజీ స్క్రిప్ట్ పెట్టిన కుకీ ఏడు రోజులు మళ్లీ రాకపోతే చెరిగిపోతుంది. నాలుగు వేల చీర జీతం పడ్డాక కొనేవాళ్లే ఎక్కువ కదా, ఏడు రోజులు ఎక్కడ సరిపోతాయి?

క్లిక్కుల లెక్క కూడా ఆర్డర్ల పక్కన పెట్టి చూసేది కాదు. నొక్కిన ప్రతిసారీ ఆ యాప్ ఒక క్లిక్ లెక్కపెడుతుంది. మీ సైట్ మాత్రం పేజీ తెరుచుకుని లోపలి స్క్రిప్ట్ నడిచాకే ఒక మనిషి వచ్చినట్టు రాసుకుంటుంది. పెద్ద పెద్ద ఫొటోలతో పేజీ నెమ్మదిగా తెరుచుకుంటే చాలామంది వెనక్కి వెళ్లిపోతారు. కాబట్టి 900 అని చూపించినావిడ అబద్ధం చెప్పిందని అనుకోకండి. ఆవిడ చూపించింది ఆవిడ వైపు లెక్క.

మన దగ్గర అన్నిటికంటే ఎక్కువ ఆర్డర్లు మింగేది యూపీఐ. ఇన్‌స్టా లోపలి బ్రౌజర్‌లో పే నొక్కితే యూపీఐ యాప్ తెరుచుకుంటుంది. పిన్ కొట్టాక తిరిగి వెళ్తే కొన్నిసార్లు ఆర్డర్ ఖరారైన పేజీకి బదులు ఇన్‌స్టా ఫీడ్ దగ్గరే తేలతారు. డబ్బులు వచ్చాయి, పేమెంట్ గేట్‌వే మీ సర్వర్‌కు చెప్పింది, షాపు పుస్తకంలో ఆర్డర్ ఎక్కింది. కానీ సైట్‌కు ఎవరు ఎక్కడి నుంచి వచ్చారో లెక్కపెట్టే అనలిటిక్స్‌లో అమ్మకాన్ని రాసే స్క్రిప్ట్ ఆ ఖరారు పేజీలో ఉంటుంది. ఆ పేజీ తెరుచుకోలేదు కాబట్టి లింక్ రిపోర్ట్‌లో ఆర్డర్ లేదు. మీకు ఇది జరుగుతోందో లేదో తెలుసుకోవడం తేలిక. ఒక వారం సైట్ ఆర్డర్ల నంబర్లు షాపు వైపు నుంచి తీయండి, అనలిటిక్స్‌లో అవే నంబర్లు ఉన్నాయా చూడండి. లేనివాటిలో యూపీఐ ఎన్ని, క్యాష్ ఆన్ డెలివరీ ఎన్ని అని లెక్కపెట్టండి. లేనివన్నీ యూపీఐ వైపే పోగుపడితే జబ్బు ఇదే. మందు కూడా ఉంది. మనిషి సైట్‌లోకి వచ్చినప్పుడే లింక్ చివర ఉండే utm గుర్తులను పట్టుకుని ఆర్డర్‌తో పాటు భద్రపరచమని మీ సైట్ చేసినతనికి చెప్పండి. అప్పుడు ఖరారు పేజీ తెరుచుకోకపోయినా, ఎక్కడి నుంచి వచ్చారో ఆర్డర్‌లోనే ఉంటుంది.

లింక్ రాయడంలో కూడా ఒక మాట. ముగ్గురికీ ఒకే పద్ధతిలో, అన్నీ చిన్న అక్షరాల్లో రాయండి:

```
https://example.com/cheeralu?utm_source=youtube&utm_medium=influencer&utm_campaign=dasara&utm_content=akka1
```

ఒకచోట Instagram అని, ఇంకోచోట instagram అని రాస్తే గూగుల్ అనలిటిక్స్ వాటిని రెండు వేర్వేరు వరుసల్లో చూపిస్తుంది. లింక్ తయారయ్యాక ఇన్‌ఫ్లుయెన్సర్‌కు ఇచ్చే ముందు మీ ఫోన్‌లో ఒకసారి నొక్కి, పేజీ తెరుచుకున్నాక పైన అడ్రస్‌లో ఆ గుర్తులు అలాగే ఉన్నాయా చూసుకోండి. పొట్టి లింక్ నుంచి, www లేని అడ్రస్ నుంచి దారి మళ్లేటప్పుడు అవి రాలిపోవడం నేను చాలాసార్లు చూశాను. ఎక్కడ పెడుతున్నారో కూడా అడగండి. ఇన్‌స్టా పోస్ట్ కింద రాతలో పెట్టిన లింక్ నొక్కితే తెరుచుకోదు, బయోలోనో స్టోరీ స్టిక్కర్‌లోనో పెట్టాలి. యూట్యూబ్ షార్ట్స్ కింద వివరణలో, కామెంట్లలో పెట్టే లింకులు కూడా 2023 ఆగస్టు చివరి నుంచి పనిచేయడం లేదు. షార్ట్స్ చేసినావిడకు లింక్‌తో సున్నా వస్తే ఆశ్చర్యం లేదు.

మళ్లీ గద్వాలకు వస్తాను. పేజీకి లింక్‌తో వచ్చిన 9లో 4 కోడ్‌తోనూ ఉన్నాయి, వాటిని రెండుసార్లు లెక్కపెట్టకూడదు. మిగిలిన 5లో కొత్తవాళ్లకు అందినవి 4. అంటే 15కు 4 కలిపి 19. యూట్యూబ్ అక్కకు కోడ్ 19, లింక్ 14, రెండింటిలోనూ ఉన్నవి 6. మొత్తం 27. వాళ్లలో పాత కస్టమర్లు ముగ్గురే. పిల్లవాడు ఆ కోడ్ ఎవరికీ చెప్పలేదు. రెండు పార్సెళ్లు వెనక్కి వచ్చాయి. అందినవి 22.

ఇక్కడికే లెక్క తలకిందులైంది. కానీ అసలు సంగతి ఇంకా బయటపడలేదు. పేజీవి 63, అక్కవి 27 పోగా, ఏ కోడూ ఏ లింకూ లేని ఆర్డర్లు 122 ఉన్నాయి. వాటిని రిపోర్ట్ ఎవరికీ చెందనివిగా వదిలేసింది.

ఈ షాపులో ఒక మంచి అలవాటుంది. ప్రతి ఆర్డర్‌కూ ఫోన్ చేసి, చిరునామా చదివి వినిపించి ఖరారు చేసుకుంటారు. ఆ ఫోన్‌లోనే "మా గురించి మీకు ఎట్లా తెలిసిందమ్మా?" అని ఒక్క ప్రశ్న అడిగించాను. యూట్యూబా, ఇన్‌స్టానా అని పేర్లు చదివి వినిపించవద్దని గట్టిగా చెప్పాను. చదివితే మొదట వినబడినదానికే సరే అంటారు. వాళ్లు చెప్పిన మాటను చెప్పినట్టే రాసుకోవాలి. 122 మందిలో 90 మంది జవాబిచ్చారు. 31 మంది యూట్యూబ్ అక్క వీడియో అన్నారు, 6 మంది ఇన్‌స్టా పేజీ. మిగతా 53 మంది పాతవాళ్లు, చుట్టాలు చెప్పినవాళ్లు, ఎప్పుడో షాపుకు వచ్చి చూసినవాళ్లు.

ఆ 31 మంది ఎందుకు కోడ్ వాడలేదు? పది శాతం ఎవరూ ఊరికే వదులుకోరు కదా. దీని మీద చాలాసేపు కూర్చున్నాం. 19 మంది వాట్సాప్‌లోనే ఆర్డర్ పెట్టారు, అక్కడ కోడ్ గడే లేదు. ఇద్దరు ముగ్గురు చెప్పిన మాటలు రాసుకున్నవి ఇప్పటికీ నా దగ్గరున్నాయి. ఒకావిడ కొత్తకోట నుంచి: "టీవీలో అక్క వీడియో చూసినం, చీర నచ్చింది, మా బిడ్డ ఫోన్‌ల కొన్నది." వీడియో టీవీలో నడిచింది, నొక్కడానికి లింక్ లేదు, కొన్న మనిషి వీడియో చూసిన మనిషి కాదు. అక్క ఛానెల్ చూసేది ఎక్కువగా ఇలాంటి ఇళ్లలోనే.

ఇంకొకటి మన భాషకే ప్రత్యేకమైన చిక్కు. అక్క వీడియోలో "పాలమూరు పది" అని నోటితో చెప్పింది. తెర మీద PALAMOOR10 అని రెండు సెకన్లు కనిపించింది. విన్నవాళ్లు PALAMURU10 అని కొట్టారు, PALAMOORU10 అని కొట్టారు. సైట్ చెల్లదు అంది. ఇలా తప్పిన కోడ్లను ఆ సైట్ ఎక్కడా రాసిపెట్టలేదు, కాబట్టి రిపోర్ట్‌లో దాని జాడే లేదు. మాకు తెలిసింది ఎట్లాగంటే, కోడ్ పనిచేయడం లేదని షాపుకు 11 ఫోన్లు వచ్చాయి. ఫోన్ చేయకుండా మానేసినవాళ్లు, కోడ్ లేకుండానే కొన్నవాళ్లు ఎంతమందో తెలిసే దారి లేదు. తెలుగు మాటను ఇంగ్లిష్ అక్షరాల్లో కోడ్‌గా పెడితే దాన్ని జనం ఎన్ని రకాలుగా రాస్తారో అన్ని రకాలూ ఆ మనిషి పేరు మీదే తెరిచిపెట్టాలి. కోడ్ ఇచ్చే ముందు ఇంట్లో నలుగురికి నోటితో చెప్పి రాయమనండి. ఎన్ని రకాలు వస్తాయో అక్కడే తెలుస్తుంది.

ఆ 31లో కొత్తవాళ్లకు అందినవి 25. పేజీ పేరు చెప్పిన 6లో 5. ఇప్పుడు అక్కకు 22కు 25 కలిపి 47 ఆర్డర్లు, ఒక్కోదానికి ఫీజు 255 రూపాయలు. పేజీకి 19కి 5 కలిపి 24, ఒక్కోదానికి 1,667. మొదట చూసిన 632, 690 ఎక్కడ, ఇవెక్కడ?

ఫోన్ జవాబులకూ హద్దులున్నాయి, అది దాచను. జనానికి ఏది ఎక్కడ చూశారో సరిగ్గా గుర్తుండదు. పొడుగు వీడియో గుర్తుంటుంది, ముప్పై సెకన్ల రీల్ మర్చిపోతారు. కాబట్టి ఈ పద్ధతి యూట్యూబ్ వైపు కొంత మొగ్గు చూపిస్తుంది. జవాబివ్వని 32 మందిని ఇదే నిష్పత్తిలో పంచేయాలని మీకు అనిపిస్తుంది. పంచకండి. ఫోన్ ఎత్తనివాళ్లు ఎత్తినవాళ్లలాంటివాళ్లే అని అనుకోవడానికి ఆధారం లేదు.

అందుకే బయటి నుంచి ఒక హద్దు కావాలి. మొత్తం అమ్మకం ఎంత పెరిగిందన్నదే ఆ హద్దు. షాపాయన మొదట అంతకుముందు నెలతో పోల్చి రెట్టింపైందని సంబరపడ్డాడు. అంతకుముందు నెల ఆషాఢం. పెళ్లిళ్లు ఉండవు, నోములు ఉండవు. శ్రావణం రాగానే వీడియో ఉన్నా లేకపోయినా చీరలు కదులుతాయి. పోనీ పోయినేడు అవే తేదీలతో పోల్చుదామా అంటే అదీ తప్పే. వరలక్ష్మీ వ్రతం 2024లో ఆగస్టు 16న వచ్చింది, 2025లో ఆగస్టు 8న. ఎనిమిది రోజుల తేడా. తేదీ చూసి పోలిస్తే ఒక ఏడాది వ్రతానికి ముందు వారం, ఇంకో ఏడాది వ్రతం అయిపోయాక వారం ఎదురెదురుగా వస్తాయి. మేము వ్రతం రోజును మధ్యలో పెట్టుకుని అటూ ఇటూ రోజులు సరిపోల్చాం. పోయినేడు ఆ 28 రోజుల్లో 131 ఆర్డర్లు, ఈసారి 212. పెరిగింది 81.

ఇప్పుడు చూడండి. కోడ్లు, లింకులు, ఫోన్ జవాబులు అన్నీ ఏరకుండా కలిపితే ఇన్‌ఫ్లుయెన్సర్ల ఖాతాలో 127 ఆర్డర్లు పడతాయి. పెరిగిందే 81 అయినప్పుడు 127 వాళ్లే తెచ్చారనడం నమ్మలేని మాట. ఏరిన తర్వాత మా లెక్క 71. హద్దు లోపలే ఉంది. దీంతో రుజువైపోయిందని అనను, ఆ 81లో కొంత షాపుకు ఉన్న పేరు వల్ల కూడా పెరిగి ఉంటుంది. కానీ హద్దు దాటిన లెక్కను పక్కన పెట్టడానికి ఇది చాలు.

దసరాకు కొన్ని మార్చాం. పేజీకి ఊహించలేని కోడ్ ఇచ్చాం, అది మొదటిసారి కొనేవాళ్లకే పనిచేస్తుంది. వాట్సాప్ పిల్లవాడికి బేరం కోసం వేరే కోడ్ ఇచ్చాం, దాని పేరు మీద ఎవరికీ కమీషన్ లేదు. వాట్సాప్‌కు వచ్చేవాళ్లకు కూడా ఇద్దరికీ వేరువేరు లింకులు పెట్టాం:

```
https://wa.me/91XXXXXXXXXX?text=Akka%20video%20chusi
```

ఇది నొక్కితే వాట్సాప్‌లో ఆ మాట ముందే రాసి ఉంటుంది, పంపడమే ఆలస్యం. కొందరు చెరిపేసి సొంతంగా రాస్తారు, అయినా చాలామంది అలాగే పంపుతారు. అన్నిటికంటే ముఖ్యంగా రెండు వీడియోలనూ పన్నెండు రోజుల తేడాతో పెట్టించాం. శ్రావణంలో రెండూ ఒకే వారంలో పడ్డాయి, ఎవరి వల్ల ఏది లేచిందో విడదీయలేకపోయాం. ఈసారి అక్క వీడియో తర్వాత నాలుగు రోజులు రోజుకు 6 నుంచి 14 ఆర్డర్లకు లేచింది. పన్నెండు రోజుల తర్వాత పేజీ రీల్ పడ్డాక 7 నుంచి 9కి. పేజీ కోడ్‌తో వచ్చినవి 58 నుంచి 13కి దిగాయి. పేజీ అదే, చూసేవాళ్లూ వాళ్లే. రీల్ పడింది బతుకమ్మకు ముందు, అంటే గిరాకీ బాగా ఉండే రోజుల్లోనే, అయినా లేచింది అంతే.

పేజీవాళ్లకు అన్యాయం చేయకుండా ఒక మాట చెప్పాలి. వాళ్లు తీసిన వీడియో చాలా బాగుంటుంది, షాపు దాన్ని తన ప్రకటనల్లో వాడుకుంటోంది. అందుకు విలువ ఉంది. కాబట్టి వాళ్లను వదిలేయలేదు. అమ్మకాల పేరుతో కాకుండా వీడియో తీసినందుకు తక్కువ ఫీజు మాట్లాడుకున్నారు. కమీషన్ మాత్రం పార్సెల్ అంది, వాపసు గడువు దాటాక, కొత్త నంబరైతేనే.

మీ విషయానికి వస్తే, ఆ 46 ఆర్డర్ల షీట్ తెరిచి మూడు కాలమ్‌లు పెట్టండి: ఆర్డర్ పెట్టిన తేదీ, ఫోన్ నంబర్ పాతదా కొత్తదా, పార్సెల్ అందిందా. లింక్‌తో వచ్చిన 12 వాటిలో ఎన్ని ఉన్నాయో గుర్తుపెట్టండి. వీడియో పడిన గంట కంటే ముందు ఆ కోడ్‌తో ఆర్డర్ ఒక్కటైనా ఉందేమో మొట్టమొదట చూడండి. ఉంటే ఆ కస్టమర్ చాట్ తీసి చదవండి. లేకపోతే ఈ రోజు నుంచే ఖరారు చేసే ఫోన్‌లో ఆ ఒక్క ప్రశ్న అడగడం మొదలుపెట్టండి, ఎందుకంటే పోయిన నెల కొన్నవాళ్లను ఇప్పుడు అడిగితే గుర్తుండదు. నంబర్లు తీసేసిన షీట్ ఇక్కడ పెడితే నేను కూడా చూస్తాను.